బోర్డు లేని రోజు

రాయచోటిలో మాది చీరల కొట్టు. నేనూ మా ఆయనా కలిసి నడుపుతాం. మొదట్లో ఏడాదికి ఒక్క ఆషాఢం సేలే ఉండేది. పెళ్లిళ్లు లేని నెలలో సరుకు కదలాలంటే అదొక్కటే దారి. తగ్గింపు బోర్డు ముందు జనం తోసుకోవడం చూశాక మాకు ఆశ పుట్టింది. ఉగాదికి, రంజాన్‌కి, దసరాకి, చివరికి ఏ పండగా లేని నెలలో కూడా బోర్డు కట్టేశాం.

బోర్డు రాయడంలో మా ఆయన దిట్ట. మూడు వందల నైటీ మీద అరవై తగ్గింపంటే ఎవరూ తల తిప్పరు, ఇరవై శాతమంటే ఆగుతారు. ఎనిమిది వేల పట్టుచీరకు పది శాతం చప్పగా ఉంటుంది, ఎనిమిది వందలంటే కళ్లు మెరుస్తాయి. ఎలా రాసినా తగ్గేది అంతే! ఈ విద్య కనిపెట్టినందుకు ఆయన మీసం మెలేసేవాడు, నేను మూతి తిప్పేదాన్ని.

కొన్నాళ్లకు మామూలు రోజుల్లో ఈగలు తోలుకోవడమే మా పనైంది. వచ్చినవాళ్లు చీరలన్నీ విప్పించి, "మళ్లా వస్తాంలే" అని వెళ్లిపోయేవాళ్లు. ఇలాగే ఉంటే కొట్టు ఖాళీ చేయాల్సిందేనని మా ఆయన అన్నాడు.

వీధి చివర జాకెట్లు కుట్టే ముస్లిం అమ్మాయి ఒకామె మా కొట్టుకు ఎప్పటినుంచో వచ్చే బేరం. ఆమె కూడా అలాగే వెళ్లబోతుంటే నాకు ఒళ్లు మండింది. "ఏమ్మా, చూసి పోతాండావు గానీ కొనేది లేదే?" అన్నాను.

"కోపం చేసుకోవద్దక్కా. పోయినసారి మా అమ్మకు పట్టుచీర కొన్న వారానికే దాని మీద ఎనిమిది వందలు తగ్గించినారు. అమ్మ ముందర శానా సిగ్గయింది. ఈడ సేలు దాకా ఆగినోళ్లకే లాభమని నా దగ్గర కుట్టించుకునేటోళ్లందరికీ తెలుసు."

ఎవరూ చెప్పని మాట మొహం మీద చెప్పింది. ఆ సాయంత్రమే బోర్డులన్నీ దించేశాం. సేలు కోసమని పెంచి రాసిన ధరలు న్యాయంగా దించి, ఇక ఆషాఢంలో పాత సరుకు మీద తప్ప తగ్గింపు లేదని అందరికీ చెప్పాం. జనం "ఆఫర్ యాడ?" అని అడిగి వెళ్లిపోయేవాళ్లు. మా ఆయన రెండుసార్లు బోర్డు బయటికి తీశాడు. రెండుసార్లూ నేను పోట్లాడి లోపల పెట్టించాను. లోపల నాకూ భయమే.

రెండు నెలలకు ఆ అమ్మాయి తల్లినీ పెళ్లి కుదిరిన చెల్లెల్నీ వెంటబెట్టుకొచ్చింది. "మళ్లా సేలు ఎప్పుడక్కా?"

"ఆషాఢం దాకా లేదమ్మా. అప్పుడైనా ఇవి తగ్గవు."

ఇంకో కొట్టుకు వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె తల్లి వైపు తిరిగి, "ఈ పొద్దే కొనొచ్చమ్మా, రేపు బాధపడే పని లేదు" అంది. పెళ్లి చీరలన్నీ మా దగ్గరే తీసుకుంది. కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లను కూడా మా కొట్టుకే పంపుతోంది. మా కొట్టు ఇవాళ తెరిచి ఉందంటే ఆమె చలవే.