రోజుకు ముప్పై ఆరు

ఆవిణ్ణి అందరూ పేజీలమ్మ అనేవారు. స్కూలు గైడ్లకు ఇంట్లోనే కంప్యూటర్ మీద పేజీలు కూర్చి ఇవ్వడం ఆవిడ పని. నోట్లో నాలుక లేని మనిషి. అలాంటి మనిషి ఆ రోజు ప్రచురణకర్తకు ఉత్తరం రాసిందంటే, నీళ్లు ముక్కుదాకా వచ్చాయన్నమాటే.

అమ్మ ఆసుపత్రి ఖర్చుకు అక్క తన గాజులు తాకట్టు పెట్టింది. సోమవారంలోగా డెబ్బై ఆరు వేలు కట్టకపోతే వేలం వేస్తామని షాపువాడు చెప్పేశాడు. ప్రచురణకర్త ఇవ్వాల్సింది డెబ్బై మూడు వేలు. అడిగినప్పుడల్లా "నీ డబ్బు ఎక్కడికి పోతుంది చెల్లెమ్మా" అనేవాడు. అది ఎక్కడికీ పోలేదు, ఆయన దగ్గరే ఉంది.

ఒప్పంద పత్రం తీసి చూస్తే అందులో ఓ షరతు కనబడింది. ప్రాణం లేచొచ్చింది. వెంటనే రాసింది.

"అయ్యా, మార్చి 2న పనితోపాటు ఇచ్చిన బిల్లు రూ. 73,000. ముప్పై రోజుల గడువు ఏప్రిల్ 1తో ముగిసింది. ఒప్పందంలోని ఆరో షరతు ప్రకారం ఆలస్యానికి ఏడాదికి 18 శాతం సాధారణ వడ్డీ, అంటే రోజుకు రూ. 36.
ఏప్రిల్ 2 నుంచి 30 వరకు: 29 రోజులు, రూ. 1,044.
మే: 31 రోజులు, రూ. 1,116.
జూన్: 30 రోజులు, రూ. 1,080.
జూలై 10 వరకు: 10 రోజులు, రూ. 360.
మొత్తం 100 రోజులకు వడ్డీ రూ. 3,600. అసలుతో కలిపి రూ. 76,600. ఇవాళ్టి తర్వాత చెల్లిస్తే రోజుకు మరో రూ. 36 కలుస్తుంది."

చదివి అక్క నవ్వింది. "ఇంత ధైర్యం ఎక్కడ దాచావే ఇన్నాళ్లూ?"

"అవసరం నేర్పింది."

మర్నాడే ఆఫీసుకు రమ్మని ఫోనొచ్చింది. పని అయిపోయిందనుకుంది పిచ్చిది.

గుమస్తా తలెత్తకుండా కుర్చీ చూపించాడు. ప్రచురణకర్త మాత్రం ముఖం నిండా నవ్వుతో ఎదురొచ్చాడు. "లెక్క బాగా కట్టావు చెల్లెమ్మా. ఒక్క పైసా తప్పు లేదు. ఆరో షరతు చదివినదానివి, ఏడోది ఎందుకు వదిలేశావు?"

ఏడో షరతు: పని ఆలస్యమైతే రోజుకు బిల్లులో అర శాతం కోత. పని ఇవ్వాల్సింది ఫిబ్రవరి 19న. ఇచ్చింది మార్చి 2న. పదకొండు రోజులు, రోజుకు 365 చొప్పున 4,015. అందులోంచి ఆవిడ వడ్డీ 3,600 తీసేస్తే, ఆవిడే 415 బాకీ. చెక్కు 72,585కి రాసి ఉంది.

కోతకు ఆధారంగా ఓ కాగితం జతచేశారు. అది ఆవిడ ఫోన్ నుంచి పోయిన మెసేజే: "అన్నయ్యా, అమ్మ పోయింది. కొన్ని రోజులు గడువు కావాలి."

అమ్మ చావు వాడికి రసీదు అయింది.

"దీనికి మీరు జవాబిచ్చారు కదా అన్నయ్యా? తొందరేం లేదు, అమ్మ పనులు చూసుకో అన్నారు. అది ఎందుకు కత్తిరించారు? నా ఫోన్లో ఉంది."

"ఉంటే ఉండనీ. కోర్టులో చూపించు, గెలుస్తావు కూడా. ఈ లెక్క ఒప్పుకోనంటే తీర్పు వచ్చేదాకా చెక్కు నా సొరుగులోనే ఉంటుంది. నువ్వు కాగితం తీశావు, నేనూ తీశాను. మొన్నటిదాకా మన మధ్య కాగితాలున్నాయా?"

అమ్మ అంత్యక్రియలకు కూడా వచ్చాడాయన. చేయి పట్టుకుని ఓదార్చాడు. ఆ చేత్తోనే ఇప్పుడు పెన్ను ఇచ్చాడు. ఇక బాకీ ఏమీ లేదన్న కాగితం మీద ఆవిడ సంతకం పెట్టింది. సోమవారం ఎంతో దూరంలో లేదు మరి.

లేవబోయి మళ్లీ కూర్చుంది. మూడు వేల నాలుగు వందల పదిహేను తక్కువ. సిగ్గు చంపుకుని గాజుల సంగతి చెప్పింది.

"అయ్యో, ముందే చెప్పొద్దూ" అంటూ ఆయన సొరుగులోంచి మూడు వేల ఐదు వందలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. "మనలో మనకేంటి. తర్వాతి గైడుకు అడ్వాన్సు అనుకో. ఎప్పుడిస్తావు?"

ఆ డబ్బు తనదే. తన వడ్డీయే. అది ఆయనకూ తెలుసు, గుమస్తాకూ తెలుసు.

"ఆగస్టు పదిహేనుకి" అంది.

"రాసి సంతకం పెట్టు తల్లీ. ఈసారి ఏడో షరతు చదువుకుని మరీ పెట్టు."

చదివింది, పెట్టింది. ఛీ, ఏం బతుకు అనుకుంది. నోట్లు తీసుకుని, "మీ మేలు మర్చిపోను అన్నయ్యా" అంది.