మెడ అన్నదా, మేడ అన్నదా

మా పెద్దమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. అప్పుడు మేము పటాన్‌చెరులో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయనకు కార్ఖానాలో పని. నేను వారం వారం పిల్లను బస్సెక్కించి, పట్నంలో మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్లేదాన్ని.

ఆమె పిల్ల అరచేతిని తన గొంతు మీద పెట్టుకుని పలికేది. "ఆకు" అంటే మొదటి అదురు చేతికి చాలాసేపు తగిలేది. "అక్క" అంటే ఆ అదురు చటుక్కున ఆగి, కాస్త నిలిచి, మళ్లీ మొదలయ్యేది. మా పిల్లకు ఆ తేడాను చేతితో పట్టుకోవడం వచ్చిందిగానీ, తను పలికితే పొడుగు, పొట్టి, ఒత్తు అన్నీ ఒక్కలాగే వచ్చేవి. మెడ, మేడ బొమ్మలు చూపించి కూడా పలికించేది. మా ఇంట్లో పై అంతస్తును బంగ్ల అంటాం. మేడ అన్నది మాకు ఆ క్లాసులో మాటే.

ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే పిల్ల పరుగున వచ్చి నా కొంగు పట్టుకుంది. "చెల్లె... మెడ" అంది.

రెండేళ్లు నిండిన మా చిన్నదాన్ని చీర తొట్టెలలో పడుకోబెట్టి వచ్చాను. చీర మెడకు చుట్టుకుందనుకున్నాను. లోపలికి ఉరికితే తొట్టెల ఖాళీగా ఉంది. బావి చేదతాడు గుర్తొచ్చి పెరట్లోకి పరుగెత్తాను. అక్కడా లేదు. ఏమైందని అరుస్తూనే ఉన్నాను, మొహం అటు తిప్పుకుని. నా పెదవులు కనపడకపోతే పిల్లకు ఏం తెలుస్తుంది? అది ఏడుస్తూ మళ్లీ అదే మాట అంది.

అప్పుడు దాని ముందు కూలబడి, దాని చేతిని నా గొంతుకు ఆనించుకున్నాను.

"మెడ?"

తల అడ్డంగా ఊపింది.

"మే...డ?"

నా చేయి పట్టి లాగింది.

ఇంటి యజమానులు వెనక పై అంతస్తులో సగం కట్టి వదిలేసిన గది ఉంది. మెట్లున్నాయి, పైన పిట్టగోడ లేదు. చిన్నది అంచు మీద కాళ్లు వేలాడేసి కూర్చుంది. పిలిస్తే తిరుగుతుంది, తిరిగితే పడుతుంది. నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో మెట్టూ ఎక్కి, వెనకనుంచి గౌను పట్టి గుంజాను. ఆ తరువాత పిల్లలిద్దరినీ ఒళ్లోకి లాక్కుని అక్కడే కూర్చున్నాను.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, విషయం విని, మెట్లకు కంప అడ్డం పెట్టాడు.

మరుసటి వారం టీచరమ్మతో చెప్పి ఏడ్చాను. ఇన్ని నెలలు నేర్చుకున్నా అసలు సమయానికి పిల్లకు దీర్ఘం రాలేదన్నాను.

"పిల్ల పరేషాన్ల ఉరికొచ్చిందమ్మా. గప్పుడు ఎవ్వరికైనా మాట కురచైతది. అయినా గా పిల్ల మెడ అన్నదో, మీకే గట్ల వినవడ్డదో" అందామె.

ఆ వానాకాలంలోనే సంగారెడ్డిలో పై అంతస్తు లేని ఇల్లు వెతుక్కుని వెళ్లిపోయాం.