శ్యాంబాబు గ్రూపులో పెట్టిన బొమ్మ

మొగల్తూరు అవతల మూడెకరాల రొయ్యల చెరువు కౌలుకు చేసే శ్యాంబాబు గొంతు ఎలా ఉంటుందో పక్క చెరువుల వాళ్ళలో సగంమందికి తెలియదు. వాట్సాప్ వచ్చాక ఆ కాస్త మాట కూడా మిగల్లేదు. ఎవరైనా పోతే దండం పెట్టే చేతులు, ఎవరికైనా పెళ్ళి కుదిరితే గంతులేసే పీత, అన్నీ బొమ్మలే. ఓణీల ఫంక్షన్‌కి రమ్మన్న బావమరిదికి ఒకసారి దండం చేతులు వెళ్ళాయి. పొరపాటున వేలు జారిందని నమ్మించడానికి భార్య హేమశ్రీ స్వయంగా చీర పెట్టి రావలసి వచ్చింది.

“పెళ్ళిచూపుల్లో నచ్చానని కూడా అనలేదండీ ఈయన. తలూపారు. ఎటు ఊపారో మా నాన్నే తేల్చుకున్నారు” అంటుంది ఆవిడ.

మేత కంపెనీ వాళ్ళు రైతుల ఫోన్లలో ఒక చాట్ పెట్టిచ్చారు. అడిగినదానికి తెలుగులో సలహా చెప్పే మిషన్. శ్యాంబాబుకు దానితో బాగా కుదిరింది. “ఈ పూట మేత పావువంతు తగ్గిద్దామా?” అని అది అడిగితే ఈయన బొటనవేలు పెట్టేవాడు. “సరే, సాయంత్రం చెక్‌ట్రేలో మేత మిగిలిందేమో చూసి చెప్పండి” అని ఊరుకునేది. పీత బొమ్మ పంపితే, ఇది పీత, దీనికి ఇన్ని కాళ్ళు అని వివరించేది కాదు. “హుషారుగా ఉన్నారే! రొయ్య బాగా తింటోందా?” అనేది, అంతే.

ఆ ఉదయం శ్యాంబాబు గట్టు మీదికి వెళ్ళేసరికి చెక్‌ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంది. రొయ్యలు ఒడ్డుకు చేరి నీరసంగా కొట్టుకుంటున్నాయి. చెరువు గట్టు మీద చెడ్డమాట ఎవరూ పలకరు. ‘తేడా చేసింది’ అనడానికే నాలుక కరుచుకుంటారు. శ్యాంబాబు తనకు తెలిసినదే చేశాడు. తల పట్టుకు కూర్చున్న హాస్యనటుడి బొమ్మ ఒకటి చాట్‌కు పంపాడు. నవ్వు పుట్టించే బొమ్మే.

మిషన్ నవ్వలేదు. “తల పట్టుకున్న బొమ్మ పంపారు. సరదాకా, చెరువులో ఏమన్నా తేడా వచ్చిందా? చెప్పడం కష్టమైతే రొయ్య ఫోటో పంపండి” అంది.

పంపాడు. పెంకు మీద తెల్లచుక్కలు.

“ఫోటో చూసి ఖాయంగా చెప్పలేను. వైట్‌స్పాట్, అంటే తెల్లమచ్చ రోగం కావచ్చు. వెంటనే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. అదే అయితే మందు లేదు. చెరువు నీళ్ళు బయటికి వదలకండి. నిన్నగాని ఇవాళగాని కాలువలోకి వదిలారా?”

కళ్ళు మూసుకున్న కోతి బొమ్మ వెళ్ళింది.

“వదిలారనే అనుకోమంటారా?”

బొటనవేలు.

“అయితే దిగువ చెరువుల వాళ్ళకు ఇప్పుడే చెప్పాలి, ఆ కాలువ నీళ్ళు తోడుకోవద్దని. రైతుల గ్రూపులో పెట్టడానికి రెండు ముక్కలు రాసివ్వనా?”

మళ్ళీ బొటనవేలు. అది రాసిచ్చింది: ‘నా చెరువులో వైట్‌స్పాట్ అనుమానం. ఆ నీళ్ళు కాలువలోకి వదిలాను. దయచేసి ఎవరూ తోడకండి. శ్యాంబాబు.’

ఆ ముక్కల్ని గ్రూపులోకి తెచ్చుకుని చూశాడు. కింద తన పేరు. పంట పోయిన మాట, తన నీళ్ళ వల్ల పదిమందికీ ముప్పన్న మాట, పేరుతో సహా. దిగువన మొదటి చెరువు బుల్లిరాజు గారిది. ఆయన ముందు శ్యాంబాబు ఏనాడూ కుర్చీలో కూడా కూర్చోలేదు. రాసిందంతా చెరిపేశాడు. తల పట్టుకున్న బొమ్మే పెట్టాడు. అర్థం చేసుకుంటారులే అనుకున్నాడు.

అర్థం చేసుకున్నారు, తమకు తోచినట్టు. పడీపడీ నవ్వే మొహాలు వచ్చిపడ్డాయి. “ఏంటోయ్ శ్యాంబాబూ, హేమశ్రీ గారు కేకలేశారా?” అన్నారొకరు. బుల్లిరాజు గారు కూడా కడుపు పట్టుకు నవ్వే పిల్లాడి స్టిక్కర్ పెట్టి, కాలువ నీళ్ళు తోడుకోవడానికి మోటారు వేశారు.

ఆ మోత గట్టు మీదికి వినిపించింది. శ్యాంబాబు పరుగెత్తాడు. జారి పడి, లేచి, మళ్ళీ పరుగెత్తాడు.

“రాజు గారండీ! ఆపండి! నీళ్ళు తోడకండి! నా చెరువు తెల్లమచ్చొచ్చి పోయిందండీ!”

మోటారు ఆగింది. అప్పటికే పైపు చాలాసేపు పారింది.

“ఇందాకటి బొమ్మ ఇదా?”

“అవునండి.”

“మరి ఫోన్లో ఆ మిషన్‌కైనా చెప్పావా?”

“అది అడిగిందండి.”

“మేం నవ్వాం” అన్నారు బుల్లిరాజు గారు, తడిసిన పైపు వంకే చూస్తూ. అంతలోనే గొంతు లేచింది. “అడగాల్సింది మేమేరా, ఒప్పుకుంటా. కానీ నోరుంది కదరా నీకు!”

ల్యాబ్ వాళ్ళు శ్యాంబాబు చెరువుకు వైట్‌స్పాట్ అనే తేల్చారు. వారం తిరిగేలోపు బుల్లిరాజు గారి రొయ్యలు కూడా ఒడ్డు పట్టాయి. ఆయన ఎదగని రొయ్యను పట్టించి వచ్చిన ధరకు అమ్మేశారు. వల లాగే కూలీలతో పాటు శ్యాంబాబు కూడా నీళ్ళలో దిగాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. క్రేట్లు లారీ ఎక్కాక బుల్లిరాజు గారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

“తప్పు నాదేనండి. పొద్దున్నే చెప్పి ఉండాల్సిందండి.”

చుట్టూ ఉన్నవాళ్ళంతా వినేలా, గట్టిగానే అన్నాడు.

“ఊఁ” అని బుల్లిరాజు గారు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.