డబ్బు ఎంతసేపట్లో పడుద్ది?

బంగారం తాకట్టు పెట్టడానికి వచ్చినవాళ్లు ముందుగా వడ్డీ అడుగుతారు. ఎన్నాళ్లు ఆగుతారు, వేలం ఎప్పుడు వేస్తారు, మధ్యలో కొంత కడితే తీసుకుంటారా అని పీకి పాకం పెడతారు. మిర్చికి మందు కొట్టాల్సిన చందర్లపాడు రైతైనా, కూతురి ఫీజు కట్టాల్సిన టీచరమ్మయినా అంతే. నందిగామలో ఒక బ్యాంకులో కూర్చుని వాళ్ల నగలను గీటురాయి మీద గీసి, చుక్క ఆసిడ్ వేసి, తూచి, విలువ చెప్పడం నా పని. జగ్గయ్యపేటలో ఇల్లు. రోజూ బస్సులో వెళ్లి వస్తాను.

కొందరు మాత్రం వడ్డీ అడగరు. "డబ్బు ఎంతసేపట్లో పడుద్దండీ?" అంటారు, అంతే. ఫోను చేతిలోంచి కింద పెట్టరు. నగ వాళ్ల ఆవిడది, ఆవిడేమో పక్కన ఉండదు. అతుకు ఊడిందనో, మెరుగు పెట్టిస్తాననో ఇంట్లో చెప్పి పట్టుకొచ్చి ఉంటారు. వాళ్లు గుమ్మం దాటగానే క్యాషియర్ వైపు తిరిగి "పందేల బాపతు" అని నవ్వేవాణ్ని. నాకు నోరెక్కువ లెండి.

అలా నవ్వుతున్న రోజుల్లోనే నా ఫోనులోనూ ఒక పందేల యాప్, అందులో నా పేరున ఒక ఐడీ ఉన్నాయి. బస్సులో పరిచయమైనవాడు ఇప్పించాడు. క్రికెట్ మీద కాస్తంత సరదా అన్నాడు. మొదట్లో సరదాయే. ఇష్టమైన జట్టు ఆడితే టీ ఖర్చంత పెట్టేవాణ్ని. గెలిస్తే మురిసిపోయేవాణ్ని, పోతే మర్చిపోయేవాణ్ని. ఆ మర్చిపోవడం ఎప్పుడు మానేశానో నాకు తెలియలేదు.

చిన్న పందెం చప్పగా అనిపించసాగింది. గుండె అంతే గట్టిగా కొట్టుకోవాలంటే పెద్దది పెట్టాల్సి వచ్చేది. తర్వాత జట్టుతో పనే లేకపోయింది. నోరు తిరగని పేర్లున్న దేశాల మ్యాచ్‌లు, మధ్యాహ్నం భోజనం వేళ ఆడే మ్యాచ్‌లు, ఏదైతేనేం, బంతి పడుతుంటే చాలు. ఆరు ఓవర్లలో ఎన్ని పరుగులొస్తాయన్న పందెం ఒక్క పరుగు తేడాతో పోతే, ఓడిపోయానని అనిపించేది కాదు. కొద్దిలో తప్పిందనిపించేది, వెంటనే ఇంకొకటి పెట్టేవాణ్ని. గెలిచిన డబ్బు ఇంటికి వచ్చిందా అంటే, అదీ లేదు. ఐడీలోనే ఉండి ఐడీలోనే పోయేది. జీతం చాలక అప్పులు కూడా చేశాను.

పోయింది రాబట్టుకుని మానేస్తానని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. యాప్ తీసేశాను కూడా. తీసేసిన రోజు అకారణంగా అందరి మీదా విరుచుకుపడ్డాను. మా ఆవిడ "కూరలో ఉప్పు సరిపోయిందాండీ?" అని అడిగిన పాపానికి కంచం నెట్టేశాను. మర్నాడు బస్సు నందిగామ చేరకముందే యాప్ మళ్లీ ఫోనులోకి వచ్చేసింది. ఛీ, ఏం మనిషిని అనుకున్నాను. అనుకుంటూనే పాస్‌వర్డ్ కొట్టాను.

ఇక గొలుసు సంగతి. మా ఆవిడకి వాళ్లమ్మ పెట్టిన రెండు పేటల గొలుసు అది. పెళ్లయిన దగ్గర్నుంచీ మెడలోంచి తీసింది తక్కువ. ఒకరోజు పొద్దున, "కొక్కెం వదులైంది, ఎక్కడైనా పడిపోద్ది. ఇలా ఇవ్వు, అతుకు వేయించుకొస్తా" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. గొలుసు తీసిచ్చింది. కొక్కెం గట్టిగానే ఉంది.

నేను పనిచేసేచోట పెట్టలేను కదా. మధ్యాహ్నం అన్నానికని బయటికొచ్చి, బజార్లో ఉన్న ప్రైవేటు ఫైనాన్సుకి వెళ్లాను. మ్యాచ్ అప్పటికే మొదలైంది. ఆ రోజు గట్టిగా ఒక దెబ్బ కొడితే పోయిందంతా వచ్చేస్తుందని, సాయంత్రానికి గొలుసు విడిపించి ఇంటికి తీసుకెళ్లొచ్చని లోపల ఎవరో చెబుతున్నట్టే ఉంది. ఒళ్లంతా చెమట. అక్కడ నగలు చూసే ఆయన పెద్దవాడు, మా వృత్తివాడే, నన్ను ఎరుగును.

"ఏం తమ్ముడూ, నువ్వొచ్చావేంది?" అన్నాడు గొలుసు అందుకుంటూ.

"కొంచెం అవసరం పడిందన్నా" అన్నాను. ఆయన తాపీగా గీటురాయి తుడుచుకుంటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోనులో వికెట్ పడింది, పందెం రేటు మారిపోతోంది. "త్వరగా కానీ అన్నా. డబ్బు ఎంతసేపట్లో పడుద్ది?"

ఆయన చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. రోజూ కౌంటర్ ఇవతలి నుంచి నేను చూసే చూపే అది. కాకపోతే ఇన్నాళ్లూ అది నా మీద పడలేదు.

"వడ్డీ అడగవా?" అన్నాడు నెమ్మదిగా.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన చేతిలోంచి గొలుసు తీసుకుని బయటపడ్డాను.

బ్యాంకుకి ఒంట్లో బాగాలేదని చెప్పి బస్సెక్కాను. అది ఆ రోజు నేను ఆడిన అబద్ధాల్లో నిజానికి దగ్గరగా ఉన్నది. జేబులో గొలుసు, చేతిలో ఫోను. మ్యాచ్ నడుస్తూనే ఉంది. జగ్గయ్యపేటలోనూ ఫైనాన్సులున్నాయి కదా, అక్కడ నన్నెవరూ ఎరగరు కదా అని మనసు పోరు పెట్టింది. బస్సు దిగాక ఒక బోర్డు ముందు నిలబడ్డాను కూడా. లోపల అద్దం వెనక కుర్చీ ఖాళీగా ఉంది. ఇక్కడ నన్ను అలా చూసి ఆపేవాడు కూడా లేడనిపించి భయమేసింది. పరిగెత్తినట్టే ఇంటికొచ్చాను.

మా ఆవిడ పెరట్లో బట్టలు తీస్తోంది. గొలుసు ఆమె ముందు పెట్టి అంతా చెప్పేశాను. ఐడీ సంగతి, అప్పుల సంగతి, కొక్కెం సంగతి. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నా గాజులు మా అక్క దగ్గర పెట్టి చాలా రోజులైందండీ" అంది. "మీరు బీరువా వంక చూసే చూపు నాకు నచ్చలా."

నేను దొంగచూపులు చూస్తున్నానని నాకంటే ముందు ఆమెకి తెలుసు.

ఆమె లోపలికెళ్లి నా పాత గీటురాయి, ఆసిడ్ సీసా తెచ్చి అరుగు మీద పెట్టింది. "గీసి చూపించండి" అంది.

"ఏంది?"

"ఇది మా అమ్మ పెట్టిన గొలుసేనో, మార్చి తెచ్చారో నాకేం తెలుసు? గీయండి."

ఊళ్లో ఎవరు బంగారం కొన్నా నా మాట కోసం చూసేవాళ్లు. నా పెళ్లానికి మాత్రం నా మాట చాల్లేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. గీశాను. చుక్క వేశాను. ఇద్దరం వంగి చూశాం. గీత చెరగలేదు, అసలు బంగారమే కాబట్టి పచ్చగా అలాగే నిలిచింది. ఆమె గట్టిగా ఊపిరి వదిలి గొలుసు తీసుకుని, ఫోను కోసం చెయ్యి చాపింది. ఇచ్చేశాను.

ఆ వారంలోనే ఇద్దరం విజయవాడలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఆయన అడిగినవన్నీ నాకు తెలిసినవే: పందెం పెంచాల్సి వస్తోందా, పోయింది రాబట్టాలని వెంటపడుతున్నావా, మానితే చిరాకు పుడుతోందా, ఇంట్లో దాస్తున్నావా. అన్నింటికీ అవుననే చెప్పాను. ఇది బుద్ధి లేకపోవడం కాదు, జబ్బు, తగ్గుతుంది అన్నాడు. రమ్మన్నప్పుడల్లా వెళ్తున్నాను. జీతం మా ఆవిడ చేతిలో పడుతోంది. మ్యాచ్ ఉన్న రోజుల్లో ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి.

బ్యాంకులో ఎవరైనా వడ్డీ అడక్కుండా ఫోను తిప్పుతూ నిలబడితే ఇప్పుడు నవ్వను. "కూర్చోండి, మంచినీళ్లు తాగండి" అంటాను. ఒకరిద్దరు తాగి, తాకట్టు పెట్టకుండానే నగ తీసుకుని వెళ్లిపోయారు.

గొలుసు మా ఆవిడ వాళ్లక్క ఇంట్లో గాజుల పక్కనే ఉంది. ఎప్పుడు వేసుకుంటావని నేను అడగలేదు.