ప్రతి పలకలోనూ టైటస్ చెయ్యి

అబిగయీలు పంపిన గోడ బొమ్మను చూసి వనజాక్షి ఫోన్లో అన్న మొదటి మాట, "ప్లాస్టిక్ బకెట్ మాదిరి ఉండాదమ్మా." నొచ్చుకోవాల్సిన మాటే గానీ అబద్ధం కాదు. ఇంకా పునాది పడని కట్టడాలకు కంప్యూటర్లో బొమ్మలు చేసే చిన్న కంపెనీ వనజాక్షిది, నెల్లూరులో. తోటపల్లి గూడూరులో ఇంట్లోనే కూర్చుని ఆమెకు పనిచేస్తుంది అబిగయీలు. ఈసారి వచ్చింది సముద్రం ఒడ్డున లేవబోయే బంగళా. పైపూత ఉండదు, కాంక్రీటే కనబడాలి. అబిగయీలు చేసిన గోడేమో గీత లేదు, మరక లేదు, నిగనిగలాడుతోంది. కాంక్రీటు పోతకు పలకలు బిగించే సెంట్రింగ్ మేస్త్రీ కూతురికి ఇంతకన్నా తలవంపు ఏముంటుంది?

ఆ మేస్త్రీ, టైటస్, పరంజా విరిగి కిందపడి చనిపోయినాడు. ఆయన చివరి పని ఊరిచివర తుఫాను షెల్టరు. పోత పోసే ముందు నూనె చేతిని పలకమీద ఆనించినాడేమో, పలకలు విప్పాక గోడమీద ఆ చెయ్యి పలచటి నల్ల మరకగా మిగిలింది. రంపానికి సగం పోయిన ఉంగరపు వేలుతో సహా. ఆయన భార్య రెబెక్కమ్మ ఆదివారం ఆరాధన కాగానే అటు వెళ్లి, ఆ మరకమీద తన అరచెయ్యి ఆనించి వస్తుంది. గోడలకు మొక్కుతున్నావా అని పాస్టరుగారు అంటారని భయం, అందుకే చాటుగా.

మబ్బు పట్టిన రోజు చూసి అబిగయీలు షెల్టరుకు వెళ్లింది. ఎండ ఉంటే ఫోటోలో నీడలు పడి గోడ పాడవుతుంది. పలకకూ పలకకూ మధ్య సన్నటి గీత, ఒకచోట సిమెంటు పాలు కారి గట్టిపడిన అంచు. పలకలు విడిపోకుండా కడ్డీలు బిగించిన గుంటలు ప్రతి పలకలోనూ అదే చోట, వరసగా. తను చేసిన గోడలో వాటిని తోచినట్టు చల్లింది, అదీ తప్పు! కొన్ని గుంటల కింద వెతికితేగానీ దొరకని తుప్పు చార. ఒక్కో పలకది ఒక్కో బూడిదరంగు. చూస్తున్నంతసేపూ నాన్న పక్కనే నిలబడి ఉన్నట్టుంది. ఆయన చేతి మరకతో సహా ఫోటో తీసుకుంది.

ఫోటో ముక్కను టైల్సు పరిచినట్టు పక్కపక్కన పేర్చి గోడంతా నింపాలి. అందుకే ప్రత్యేకంగా కనబడేది ఏదున్నా ముందే తుడిచెయ్యాలి, లేకపోతే అదే మరక మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ పనిలో ఓనమాలు అవి. అయినా నాన్న చేతిమీద మౌసు కదలలేదు. లేతగానే ఉందిలే, ఎవరికి కనబడుతుంది అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

దగ్గరగా చూస్తే గోడ అచ్చం గోడే. బంగళా మొత్తం కనబడేలా వెనక్కి జరిపింది. అంతే. గోడంతా చేతులు. అన్నిటికీ అదే సగం వేలు. లోపల చిక్కుకున్న మనిషి బయటికి తొయ్యబోతున్నట్టు.

మజ్జిగ ఇవ్వడానికి వచ్చిన రెబెక్కమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏందిమే ఇది? ఒక్క మనిషిని ఇన్నిచోట్ల నిలబెట్టినావే. తీసెయ్."

అబిగయీలు ఫోటో ముక్కలో పక్కనున్న ఉత్త కాంక్రీటును తెచ్చి చేతిమీద కప్పేసింది. చేతులన్నీ ఒక్కసారే మాయమయ్యాయి. గోడ బాగుంది, నిజంగా బాగుంది. ఇద్దరికీ దుఃఖం పొంగుకొచ్చింది.

"ఒక్కటన్నా ఉంచలేదా?" అంది రెబెక్కమ్మ.

"నువ్వే కదమ్మా తీసెయ్యమన్నావు."

"అన్నాను. నాకేం తెలుసు, అన్నీ ఒకేసారి పోతాయని?"

అబిగయీలు వనజాక్షికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వనజాక్షి అంతా విని అంది:

"మరక తప్పుకాదు, అబిగయీలూ. మళ్లీ మళ్లీ రావడం తప్పు. గోడమీద విడిగా ఒక్కచోట అంటించు, లేతగా. నిజం గోడకు అట్టాంటివి ఉంటాయి కదా."

గుమ్మం పక్కన నీడలో అంటించింది. రెబెక్కమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అంత కిందనా? షెల్టరులో ఆయన చెయ్యి నా భుజానికి పైన ఉంటుంది. ఇంకొంచెం... ఆ, అక్కడ."

గోడ ఎత్తు తెలియడానికి గుమ్మం దగ్గర ఒక ఆడమనిషి బొమ్మ నిలబడి ఉంది, ఇలాంటి బొమ్మల్లో ఎప్పుడూ ఉండేదే. మరక సరిగ్గా ఆమె భుజంమీద చెయ్యి వేసినట్టు పడింది. రెబెక్కమ్మ తెరవైపు చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకోలేదు.

"అబిగయీలూ, ఆ పిల్లెవరో గానీ, కొంచెం అవతలికి జరుపు."

అబిగయీలు జరిపింది. చెయ్యి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీ అయింది.