పెద్దదైన రెండో వృత్తం

ఆ రెండు అట్టలు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఒక్కోదానిమీద ఒక్కో వృత్తం, లోపల రంగుల ముక్కలు. ఒకటి నిజాం పాలన పోయిన కొత్తలో మా తాలూకా భూమి ఏ పనికి ఎంత వాడుతున్నారో చెప్పేది, రెండోది పంచాయతీ సమితి వచ్చాక అదే భూమి సంగతి చెప్పేది. తాండూరు బ్లాకు ఆఫీసులో లెక్కలు కూర్చే ఉద్యోగం నాది. పట్వారీలు పంపిన అంకెలను శాతాలుగా మార్చి, ఒక్క శాతానికి మూడున్నర డిగ్రీల పైచిలుకు చొప్పున కోణమానితో కొలిచి ముక్కలు గీశాను.

వికారాబాద్ నుంచి పెద్ద అధికారి వస్తున్నాడు. ఒక ఊరి గైరాన్‌లో, అంటే పశువులు మేసే సర్కారు భూమిలో, మిగిలిన గుట్టను నాపరాయి గనులకు ఇవ్వాలా వద్దా అన్నది ఆయన ఆ రోజే తేల్చాలి. వివరంగా చదివే ఓపిక ఆయనకు లేదట. అట్టల కింద ఒకే ఒక్క వాక్యం ఉండాలన్నాడు మా ఆఫీసరు.

రెండు వృత్తాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వాక్యం దానంతటదే కనపడుతోంది. సాగు కొంత పెరిగింది. అడవి, బీడు ఉన్నచోటే ఉన్నాయి. గనులు సన్నటి పోగు లాంటివి, మూడింతలైనా ఇంకా సన్నమే. గైరాన్ మాత్రం వృత్తంలో పావు ఉండేది, అర్ధపావు అయింది. అన్నిటికన్నా ఎక్కువ కదిలింది అదే. "పశువుల మేత భూమి సగానికి తగ్గింది" అని రాశాను.

ఆఫీసరు చదివి మొహం చిట్లించాడు. "గిదేందయ్యా, ఏడుపు రాసినవ్? గనులు మూడింతలైనయని రాయి."

"మూడింతలైనా అది చిన్న ముక్కే సార్. పెద్ద మార్పు గైరాన్‌ది."

"ముందుకు పోతున్నమని కనపడాలె. ఇంకోటి, రెండు వృత్తాలు ఒక్కతీరుగ ఎందుకున్నయ్? రెండోది పెద్దగ గియ్యి. అభివృద్ధి అయింది గద!"

అవే ఊళ్లు, అదే భూమి. మొత్తం మారనప్పుడు వృత్తం ఎట్లా పెరుగుతుంది? చెప్పాను. వినలేదు. ఆఫీసులో ఇంకొకరితో మేకుకు దారం కట్టించి, వృత్తాన్ని ఒకటిన్నర రెట్లు వెడల్పు చేయించాడు. వెడల్పు అంత పెరిగితే విస్తీర్ణం రెట్టింపుకు మించుతుంది. ఆ అర్ధపావు ముక్క పాత అట్టమీది పావు ముక్క కన్నా కాస్త పెద్దగానే తయారైంది! గనుల ముక్కకు ఎర్ర రంగు తనే దట్టంగా పూశాడు. అట్టల కింద గనుల వాక్యమే రాయించాడు. నేను రాసిన కాగితాన్ని నలిపి, దానితోనే చేతికంటిన రంగు తుడుచుకున్నాడు.

పెద్ద అధికారి వచ్చాడు. ఆ ఊరి పశువుల కాపరుల పెద్ద వరండా మెట్టు దగ్గరే నిలబడి చేతులు జోడించాడు. "దొరా, జర చూడుండ్రి. గా గుట్ట గూడ పోతే గొడ్లను కోతకు అమ్ముకునుడే."

అధికారి అట్టల వంక చూశాడు. వేలితో గైరాన్‌కు వేసిన పచ్చ ముక్కలు రెండూ చూపించాడు. "మేత భూమి పోతోందంటాడేంటి? పెరిగినట్టుందే!"

"వృత్తమే పెద్దది సార్, ముక్క..." అని నేను అందుకునేలోపే మా ఆఫీసరు "చాయ్ చల్లారుతోంది సార్" అంటూ అడ్డం వచ్చాడు. అధికారి సంతకం పెట్టి, అట్టలు బాగున్నాయని మెచ్చుకుని జీపెక్కాడు. మా ఆఫీసరు ఆ సాయంత్రం అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. నేను ముట్టలేదు.

ఆ తర్వాత ఒక్కో ఊరి గైరానూ అట్లాగే పోయింది. కొన్నేళ్లకు కొత్త అట్ట. ఈసారి గైరాన్ ముక్క గనుల కన్నా సన్నబడింది. "గంత సన్నం ముక్కకు పేరెందుకు? ఇతరములల్ల కలుపు, చూసెటందుకు మంచిగుంటది" అన్నాడు ఆఫీసరు. చిన్న ముక్కలను అట్లా కలపడం మా పనిలో మామూలే, తప్పని చెప్పడానికి కూడా వీల్లేదు. కలిపాను.

అట్ట గోడకు ఎక్కిన రోజే కాపరుల పెద్ద ఏదో పనిమీద వచ్చాడు. చాలాసేపు రంగులు చూశాడు.

"సారూ, గీండ్ల మా గైరాన్ యాడుంది?"

ఇతరములకు వేసిన బూడిద రంగు ముక్కమీద వేలు పెట్టాను.

"గండ్ల ఇంకేమేమున్నయ్?"

"బాటలు," అన్నాను. "శ్మశానాలు."