ఇడ్లీ బండి ఎవరి పేరున

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి నా పని పోయాక, సూరత్‌లోని మా లింబాయత్‌లో ఇడ్లీ బండి పెట్టాలన్నది నా భార్య ఆలోచన. చోటు కూడా తనే చూసింది. మగ్గాల సందు బయట, షేర్ ఆటోలు ఆగే మూల. పక్కనే చాయ్ బండి.

"చాయ్ కోసం నిలబడెటోడు ఇడ్లీ వాసన రాంగనె ఊకుంటడా?" అంది.

ఊరుకోలేదు. ఆంక్షలు సడలి మగ్గాలు తిరగగానే మా పళ్లేలు ఖాళీ కావడం మొదలైంది.

నేను చేసిందల్లా కాగితాల పని. ఆన్‌లైన్ అర్జీలు నింపే దుకాణంలో ఆహార రిజిస్ట్రేషన్ నా ఆధార్‌తో చేయించాను. వీధి వ్యాపారుల సర్వేకు కార్పొరేషన్ వాళ్లు వచ్చినప్పుడు ఆమె పిండి చేతులతో ఉంది. బండి ముందు నేను నిలబడి ఫోటో దిగాను, ఆ మూలకు వ్యాపారి కార్డు నా పేరున వచ్చింది.

"ఫోటోల నువ్వు, పొయ్యికాడ నేను. మంచిగుంది నీ యవ్వారం!" అంది. నవ్వేశాను. ఇంటి మగవాడి పేరున ఉండటమే పద్ధతి అనుకున్నాను. ఆమెను అడగాలని కూడా తోచలేదు.

తర్వాత నేను మళ్లీ మగ్గం ఎక్కాను. తనిఖీకి వచ్చిన మనిషి కార్డులోని ఫోటోనూ, బండి దగ్గరున్న ఆమెనూ చూసి, నన్ను వార్డు ఆఫీసుకు రమ్మని చెప్పి వెళ్లాడు.

"లూమ్ ఇడిసిపెట్టిన అని చెప్పు భాయ్. ఎవ్వలు చూడొచ్చిండ్రు?" అన్నాడు చాయ్ బండతను. అతనిదీ మా కరీంనగర్ వైపే.

ఆఫీసులో గుమాస్తా హిందీలో అడిగాడు: "ఇది తప్ప వేరే సంపాదన లేదని సంతకం పెట్టావు. లూమ్‌కు వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను సాబ్. ధందా మొదటి నుంచీ నా భార్యదే. కార్డు ఆమె పేరుకు మార్చండి."

"బతికున్నవాడి కార్డు పేరు మార్చేది కాదు. నువ్వు వాపసు ఇవ్వాలి, ఆమె కొత్తగా పెట్టుకోవాలి. ఈలోగా ఆ మూల మీదేనని నేను చెప్పలేను."

కార్డు ఆయన బల్ల మీద పెట్టాను. ఇంటికెళ్లి ఆమెకు విషయం చెప్పాను.

"ఆ మూల పోతె?"

"తప్పు నాది."

"తప్పు నీదైతె నాకేమొస్తది? పొద్దుగాల ఆహార లైసెన్స్ నా పేర చేపియ్యి. అర్జీ నేనే ఇస్త."

కొత్త కార్డు వచ్చేదాకా ఆక్రమణలు తీసే కార్పొరేషన్ ట్రక్కు కనబడితే ఆమె బండిని సందులోకి తోసుకునేది, పోగానే మళ్లీ మూలకు తెచ్చేది. ఒక్క రోజూ మానలేదు. విచారణకు అధికారి వచ్చినప్పుడు నేను షిఫ్టులో ఉన్నాను. ఎన్నాళ్లుగా అమ్ముతున్నావని అడిగితే, చాయ్ కోసం నిలబడ్డవాళ్లే జవాబు చెప్పారట.

కార్డు ఆమె పేరున, అదే మూలకు వచ్చింది. పక్కన మిరపకాయ బజ్జీ కూడా వేస్తానంది. వేయమనడానికి నేనెవరిని? శనగపిండి ఎక్కడ మంచిదో మాత్రం బజారులో అడిగి తెలుసుకున్నాను.